లో-ఫ్యాట్ కప్పులో చక్కెర ఎంత? లేబుల్ ఫొటో తీసి లెక్క తేల్చే పద్ధతి

కప్పు ముందువైపు పెద్ద అక్షరాల్లో "లో-ఫ్యాట్" అనో "లైట్" అనో ఉంటుంది. ఆ మాట కొవ్వు గురించి చెబుతుంది, చాలావరకు నిజమే చెబుతుంది. చక్కెర గురించి గానీ ఉప్పు గురించి గానీ అది ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ రెండూ తెలియాలంటే కప్పు తిప్పి వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. దుకాణంలో నిలబడి అది చేయడం కష్టం. అందుకే ఫోన్‌తో ఫొటో తీసుకుని ఇంట్లో తీరిగ్గా లెక్క వేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం. పండ్ల రుచి ఉన్న ఒక లో-ఫ్యాట్ యోగర్ట్ కప్పును తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క కడదాం. ఉప్పు సంగతికి మాత్రం ఒక చిరుతిండి ప్యాకెట్ దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే తియ్యటి యోగర్ట్‌లో ఉప్పు పెద్ద సమస్య కాదు.

## కొవ్వు తీసేస్తే పెరుగుకు ఏమవుతుంది

ఇది తెలిస్తే లేబుల్ మీద ఏం వెతకాలో దానంతట అదే తెలుస్తుంది.

పాలకొవ్వు పెరుగులో మూడు పనులు చేస్తుంది. నోటికి నునుపుగా, చిక్కగా తగిలేలా చేస్తుంది. పులుపు నాలుకను గుచ్చకుండా మెత్తబరుస్తుంది. వాసనలిచ్చే పదార్థాల్లో చాలా భాగం కొవ్వులో కరుగుతాయి కాబట్టి వాటిని పట్టి ఉంచి, తినేటప్పుడు మెల్లగా వదులుతుంది. కొవ్వు తగ్గించగానే ఈ మూడూ దెబ్బతింటాయి. పెరుగు పలచబడి పైన నీరు తేలుతుంది, పులుపు ఎక్కువైనట్టు అనిపిస్తుంది, రుచి ఒక్కసారి తగిలి వెంటనే మాయమవుతుంది.

తయారీదారు దీన్ని సరిచేయాలి. పలచదనానికి కొవ్వు తీసిన పాలపొడి, పిండిపదార్థం, పెక్టిన్ లేదా జెలటిన్ కలుపుతారు. పులుపు తెలియకుండా ఉండటానికి అన్నిటికన్నా చవకైన, తేలికైన మార్గం చక్కెర. అంటే చక్కెర చేరేది కేవలం తీపి కోసం కాదు, కొవ్వు చేసే పనిలో కొంత దాని మీద పెడతారు. పాలపొడితో కూడా కొంత చక్కెర వస్తుంది, అయితే అది పాలలో సహజంగా ఉండే లాక్టోజ్. ఈ రెండింటినీ విడదీయడమే మన లెక్కలో అసలు పని.

ఒక్క మాట ముందే చెప్పాలి. లో-ఫ్యాట్ అన్న ప్రతి దానిలోనూ చక్కెర ఎక్కువ ఉంటుందని కాదు. ఏమీ కలపని ప్లెయిన్ లో-ఫ్యాట్ పెరుగులో కలిపిన చక్కెర సున్నా. కొన్నిటిలో చక్కెర బదులు తీపినిచ్చే రసాయనాలు వాడతారు. కాబట్టి ముందువైపు మాటను బట్టి మంచనీ చెడనీ తీర్పు ఇవ్వలేం, కప్పు కప్పుకూ చూసుకోవాల్సిందే.

## ముందువైపు మాట చట్టం దృష్టిలో ఏమిటి

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ప్రకారం ఘన ఆహారంలో 100 గ్రాములకు 3 గ్రాములకు మించి కొవ్వు లేకపోతే దాన్ని లో-ఫ్యాట్ అనవచ్చు. తాగే వాటికి 100 మి.లీ.కు 1.5 గ్రాములు. చాలా దేశాల నియమాలు ఈ అంకెల చుట్టూనే ఉన్నాయి.

ఇప్పుడు మామూలు పూర్తి కొవ్వు పెరుగు సంగతి చూడండి. ఆవుపాల ప్లెయిన్ పెరుగులో 100 గ్రాములకు కొవ్వు సుమారు 3.3 గ్రాములు. అంటే లో-ఫ్యాట్ హద్దుకు అది ఒక అడుగు దూరంలోనే ఉంది. దానికి పండ్ల గుజ్జు, చక్కెర కలిపితే పెరుగు వాటా తగ్గి, కొవ్వు తనంతట తానే 3 గ్రాముల లోపుకు దిగుతుంది. "97 శాతం కొవ్వు లేనిది" అని రాస్తే మిగిలింది 3 శాతం, అంటే దాదాపు మామూలు పెరుగే. ఇలా "ఇంత శాతం కొవ్వు లేదు" అని చెప్పుకోవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది.

"లైట్" వేరు. అది పోలిక మాట. దేనితోనో పోల్చి ఏదో తగ్గిందని చెబుతుంది. కోడెక్స్ ప్రకారం కనీసం 25 శాతం తగ్గాలి, యూరోపియన్ యూనియన్‌లో 30 శాతం. అమెరికాలో కొవ్వైతే సగానికి, క్యాలరీలైతే మూడో వంతు తగ్గాలి. తగ్గింది కొవ్వా, క్యాలరీలా, ఇంకేమైనానా అన్నది ఆ మాట పక్కనో కిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు ఆ చిన్న అక్షరాలను వదిలేయకండి.

## మొదటి మెట్టు: అక్కరకు వచ్చేలా ఫొటో తీయడం

ఒక్క ఫొటో సరిపోదు. ప్రతి కప్పుకూ నాలుగు కావాలి: ముందువైపు, పోషక విలువల పట్టిక, పదార్థాల జాబితా, నికర బరువు. చివరిది చాలామంది మర్చిపోతారు. బరువు తెలియకుండా 100 గ్రాముల లెక్కను కప్పు లెక్కగా మార్చలేం.

ఫ్రిజ్‌లోంచి తీసిన కప్పు మీద చెమ్మ పట్టి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పొడి గుడ్డతో తుడిచి వెంటనే తీయండి, ఆలస్యమైతే మళ్లీ పడుతుంది. ఫ్లాష్ ఆపేయండి. మెరిసే ప్లాస్టిక్ మీదా రేకు మూత మీదా ఫ్లాష్ పడితే సరిగ్గా మనకు కావలసిన అంకె చోటే తెల్లటి మచ్చ వస్తుంది. కిటికీ పక్క నుంచి వచ్చే పగటి వెలుగు బాగుంటుంది.

కప్పు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఫోన్‌ను బాగా దగ్గరికి తెస్తే పట్టిక అంచులు వంగిపోయి, ఒక వరుసలోని అంకె పక్క వరుసదిలా కనబడుతుంది. 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరం నుంచి, రెండింతలు జూమ్ చేసి తీయండి. పట్టిక వెడల్పుగా ఉంటే కప్పును కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు మూడు ఫొటోలు తీయండి. ప్రతి ఫొటోలోనూ ముందు ఫొటోలోని భాగం కొంత ఉండాలి. తీసిన వెంటనే పెద్దది చేసి దశాంశ బిందువు కనబడుతోందో లేదో చూసుకోండి. 1.4 అన్నది 14 లా కనిపిస్తే ఆ తర్వాత లెక్కంతా తప్పుతుంది.

ఎన్ని కప్పులు కావాలి? మూడు. మీరు పరీక్షించే లో-ఫ్యాట్ కప్పు, అదే కంపెనీ అదే రుచిలో చేసే మామూలు కప్పు, ఏమీ కలపని ప్లెయిన్ పెరుగు కప్పు. మామూలు కప్పుతో పోలిస్తే, లో-ఫ్యాట్ అన్న మాట వల్ల ఆ వస్తువులో మారిందేమిటో తెలుస్తుంది. ప్లెయిన్‌తో పోలిస్తే, పండ్ల రుచి పేరుతో చేరిందేమిటో తెలుస్తుంది. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి, లో-ఫ్యాట్ స్ట్రాబెర్రీ కప్పును నేరుగా ప్లెయిన్‌తో పోల్చి "కొవ్వు తీసి ఇంత చక్కెర కలిపారు" అనడం సరికాదు. అందులో ఎక్కువ భాగం మామూలు స్ట్రాబెర్రీ కప్పులోనూ ఉంటుంది.

## రెండో మెట్టు: మూడు పట్టికలనూ ఒక్కచోట పెట్టడం

కింద ఉన్నవి ఏ ఒక్క కంపెనీ కప్పుల అంకెలూ కావు, ఇలాంటి వాటిపై మామూలుగా కనిపించే విలువల స్థాయిలో పెట్టుకున్న ఉదాహరణ. అన్నీ 100 గ్రాములకు. కప్పు బరువు 150 గ్రాములు అనుకుందాం.

| | ప్లెయిన్, పూర్తి కొవ్వు | స్ట్రాబెర్రీ, మామూలు | స్ట్రాబెర్రీ, లో-ఫ్యాట్ |
|---|---|---|---|
| శక్తి, కిలో క్యాలరీలు | 62 | 85 | 89 |
| కొవ్వు, గ్రాములు | 3.3 | 2.8 | 1.0 |
| పిండిపదార్థాలు, గ్రాములు | 4.7 | 12.0 | 16.0 |
| అందులో చక్కెరలు, గ్రాములు | 4.7 | 11.5 | 14.0 |
| ప్రొటీన్, గ్రాములు | 3.5 | 3.0 | 4.0 |

ముందుగా ఫొటోలోంచి అంకెలు సరిగ్గా దించుకున్నామో లేదో సరిచూసుకోవాలి. దీనికో చక్కటి ఉపాయం ఉంది. కొవ్వు గ్రాముకు 9, పిండిపదార్థాలు గ్రాముకు 4, ప్రొటీన్ గ్రాముకు 4 కిలో క్యాలరీలు ఇస్తాయి. లో-ఫ్యాట్ కప్పుకు వేసి చూడండి: 1 × 9 = 9, 16 × 4 = 64, 4 × 4 = 16, మొత్తం 89. పట్టికలో ఉన్నదీ అదే. రెండు మూడు అంకెల తేడా ఉంటే అది అంకెల్ని దగ్గరి అంకెకు సవరించి రాయడం వల్ల లేదా పీచుపదార్థం వల్ల వచ్చింది, వదిలేయండి. ఇరవై ముప్పై తేడా వస్తే ఏదో ఒక దశాంశం తప్పు చదివారని అర్థం, ఫొటో మళ్లీ చూడండి.

ఇప్పుడు మామూలు స్ట్రాబెర్రీ నుంచి లో-ఫ్యాట్‌కు వచ్చేసరికి ఏం జరిగిందో చూద్దాం. కొవ్వు 1.8 గ్రాములు తగ్గింది, అంటే దాదాపు 16 కిలో క్యాలరీలు పోయాయి. పిండిపదార్థాలు 4 గ్రాములు పెరిగి 16 వచ్చి చేరాయి. ప్రొటీన్ ఒక గ్రాము పెరిగి మరో 4. పోయింది 16, వచ్చింది 20. కొవ్వు మూడింట రెండు వంతులు తగ్గినా క్యాలరీలు తగ్గలేదు, కాస్త పెరిగాయి. బరువు తగ్గాలని లో-ఫ్యాట్ కప్పు కొనుక్కునేవారికి ఇంతకన్నా ముఖ్యమైన వరుస పట్టికలో లేదు.

ఇంకో సంగతి గమనించారా? మామూలు స్ట్రాబెర్రీ కప్పులో కొవ్వు 2.8 గ్రాములు. 3 గ్రాముల హద్దు లోపలే ఉంది. కొవ్వు అంకె వరకే చూస్తే లో-ఫ్యాట్ అని వేసుకునే అర్హత దానికీ ఉంది.

## మూడో మెట్టు: పదార్థాల జాబితా చదవడం

పట్టిక ఎంత అని చెబుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందన్నది జాబితాలో ఉంటుంది. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది దాదాపు అన్ని చోట్లా నియమం. మన లో-ఫ్యాట్ కప్పు జాబితా ఇలా ఉందనుకోండి:

కొవ్వు తీసిన పాలు, చక్కెర, స్ట్రాబెర్రీ 6 శాతం, పాలపొడి, మార్పు చేసిన మొక్కజొన్న పిండి, పెక్టిన్, ఆమ్లత్వ నియంత్రకం, ఫ్లేవర్, రంగు, పెరుగు కల్చర్.

బొమ్మలో కనిపించే పండు పేరు పక్కన శాతం రాయాలని చాలా దేశాల్లో నియమం ఉంటుంది. అదే మనకు తాళంచెవి. చక్కెర స్ట్రాబెర్రీ కన్నా ముందుంది కాబట్టి అది 6 శాతం కన్నా తక్కువ ఉండే వీలు లేదు. ఏ లెక్కా కట్టకుండానే 150 గ్రాముల కప్పులో కనీసం 9 గ్రాముల చక్కెర కలిపారని తేలిపోయింది. పండు కన్నా చక్కెరే ఎక్కువన్నది కూడా ఈ ఒక్క వరుస క్రమంలోనే ఉంది.

ఒక్కోసారి చక్కెర జాబితాలో కిందికి వెళ్లిపోయి కనిపిస్తుంది. అప్పుడు దాని బంధువుల కోసం చూడండి: గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్, తేనె, గాఢం చేసిన పండ్లరసం. ఒకే తీపిని మూడు పేర్లతో విడగొడితే ఒక్కొక్కటీ తక్కువ బరువుతో జాబితాలో కిందికి దిగుతుంది. మొత్తం మాత్రం తగ్గదు. కాబట్టి జాబితాలో స్థానాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా పట్టికలోని చక్కెరల అంకెతో కలిపి చదవాలి.

మాల్టోడెక్స్‌ట్రిన్, మార్పు చేసిన పిండి మరో రకం. ఇవి చిక్కదనం కోసం వేస్తారు. పట్టికలో వీటిని చక్కెరల కింద లెక్కించరు, పిండిపదార్థాల కిందే ఉంటాయి. కానీ కడుపులోకి వెళ్లాక త్వరగానే గ్లూకోజ్‌గా మారతాయి. పిండిపదార్థాల అంకెలోంచి చక్కెరల అంకె తీసేస్తే వీటి ఆనవాలు దొరుకుతుంది. మామూలు కప్పులో ఆ తేడా 0.5 గ్రాములు, లో-ఫ్యాట్‌లో 2 గ్రాములు. మధుమేహం ఉన్నవారు చక్కెరల వరుస కన్నా మొత్తం పిండిపదార్థాల వరుసే చూడాలని చెప్పేది ఇందుకే.

## నాలుగో మెట్టు: కలిపిన చక్కెరను విడదీయడం

కొన్ని దేశాల్లో లేబుల్ మీద "కలిపిన చక్కెరలు" అని విడిగా ఒక వరుస ఉంటుంది. అది ఉంటే ఈ మెట్టు అక్కర్లేదు, ఆ అంకెనే తీసుకోండి. లేనప్పుడు ఇలా అంచనా కట్టాలి.

కప్పులో పెరుగు భాగం ఎంతో ముందు ఊహించాలి. 6 శాతం పండు, ప్రస్తుతానికి 9 శాతం దగ్గర అనుకున్న చక్కెర, 2 శాతం పిండి, పెక్టిన్ వగైరా తీసేస్తే మిగిలేది సుమారు 83 శాతం. పాలపొడి కలిపిన లో-ఫ్యాట్ పెరుగులో 100 గ్రాములకు లాక్టోజ్ సుమారు 6 గ్రాములు ఉంటుంది. 83 శాతానికి అది 5 గ్రాములు. స్ట్రాబెర్రీలో సహజంగా ఉండే చక్కెర 5 శాతం దాకా, అంటే మన 6 గ్రాముల పండులో 0.3 గ్రాములు. సహజంగా వచ్చింది మొత్తం 5.3. మొత్తం చక్కెరలు 14 లోంచి అది తీసేస్తే 8.7 గ్రాములు. ఇదీ కలిపిన చక్కెర.

మామూలు స్ట్రాబెర్రీ కప్పుకు ఇదే పని చేయండి. పెరుగు భాగం 86 శాతం, పాలపొడి లేదు కాబట్టి లాక్టోజ్ 4.7 చొప్పున 4 గ్రాములు, పండుది 0.3. మొత్తం 11.5 లోంచి తీస్తే 7.2 గ్రాములు.

అంటే పట్టికలో కనిపించిన 2.5 గ్రాముల తేడాలో 1.5 గ్రాములే కలిపిన చక్కెర. మిగతా ఒక గ్రాము పాలపొడితో వచ్చిన లాక్టోజ్. దీన్ని విడదీయకుండా మొత్తం తేడాను చక్కెర ఖాతాలో వేస్తే తయారీదారుకు అన్యాయం చేసినట్టే. లాక్టోజ్ గురించి పెద్దగా భయపడాల్సిన పని లేదు. రోజుకు ఇంతకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితిలో పాలలోని సహజ చక్కెర చేరదు.

ఇంత లెక్క వద్దనుకుంటే ఒక దారి ఉంది. మొత్తం చక్కెరల్లోంచి 5 తీసేయండి. 14 − 5 = 9. అసలు అంచనాకు దగ్గరగానే వస్తుంది. పాలపొడి బాగా కలిపిన వాటిలో ఇది కలిపిన చక్కెరను కొద్దిగా ఎక్కువ చూపుతుంది, పాలపొడి లేకుండా తీపి సరుకు ఎక్కువ ఉన్నవాటిలో కొద్దిగా తక్కువ చూపుతుంది. దుకాణంలో నిలబడి చూసుకోవడానికి చాలు.

ఇక కప్పు లెక్క. 8.7 ని 150 గ్రాములకు మారిస్తే 13 గ్రాములు. టీస్పూన్‌కు 4 గ్రాముల చొప్పున మూడు స్పూన్ల పైన. రోజుకు 2,000 కిలో క్యాలరీలు తినేవారికి కలిపిన చక్కెర, తేనె, పండ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి 50 గ్రాముల లోపు ఉండాలని, 25 గ్రాముల లోపుకు తగ్గిస్తే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ 25 గ్రాముల్లో సగం ఈ ఒక్క కప్పుతో అయిపోతుంది.

## అయిదో మెట్టు: చూసేవారికి అర్థమయ్యే ఫొటో

ఇంట్లోవారికో తరగతిలోని పిల్లలకో చూపించాలంటే అంకెల కన్నా ఫొటో బాగా పనిచేస్తుంది. అయితే ఆ ఫొటో నిజాయితీగా ఉండాలి.

ముదురు రంగు బల్ల మీద లో-ఫ్యాట్ కప్పు, మామూలు కప్పు, ప్లెయిన్ కప్పు ఒకే వరుసలో, ఫోన్‌కు ఒకే దూరంలో పెట్టండి. ఒకటి ముందుకు జరిగితే దాని ముందున్న చక్కెర కుప్ప పెద్దదిగా కనిపిస్తుంది. ఒక్కో కప్పు ముందు చిన్న పళ్లెం పెట్టి అందులో కలిపిన చక్కెరను పోయండి: లో-ఫ్యాట్ ముందు 13 గ్రాములు, మామూలు దాని ముందు 11, ప్లెయిన్ ముందు ఖాళీ పళ్లెం. ఆ ఖాళీ పళ్లెం తప్పకుండా ఉండాలి.

వంటింటి త్రాసు చాలావరకు ఒక్కో గ్రాము చొప్పునే చూపుతుంది కాబట్టి 4 గ్రాములు విడిగా తూస్తే తప్పు వచ్చే అవకాశం ఎక్కువ. 13 గ్రాములూ ఒకేసారి తూచి, తర్వాత కుప్పలుగా పంచండి. పళ్లెం పెట్టాక త్రాసును సున్నాకు తేవడం మర్చిపోవద్దు. ఫొటో కింద "150 గ్రాముల కప్పులో కలిపిన చక్కెర, అంచనా" అని రాయండి. మొత్తం చక్కెర 21 గ్రాముల్నీ కుప్పగా పోసి చూపించే ఫొటోలు తరచూ కనిపిస్తుంటాయి. అవి చూడటానికి గట్టిగా తగులుతాయి గానీ పాలలోని లాక్టోజ్‌ను కూడా కలిపిన చక్కెరగా చూపిస్తాయి. అలాగే చూపితే ప్లెయిన్ పెరుగు ముందు కూడా 7 గ్రాములు పోయాల్సి వస్తుంది.

## ఉప్పు సంగతి: లైట్ క్రాకర్ల ప్యాకెట్

ప్లెయిన్ పెరుగులో 100 గ్రాములకు సోడియం 50 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది, అది పాలలోనిదే. ఉప్పు దాగేది కరకరలాడే చిరుతిళ్లలో, సలాడ్ మీద పోసుకునే సాస్‌లలో, చీజ్‌లో.

క్రాకర్లలో కొవ్వు తగ్గిస్తే పెళుసుదనం పోయి అట్టముక్క నమిలినట్టుగా తయారవుతాయి, రుచి కూడా చప్పబడుతుంది. ఆ చప్పదనాన్ని ఉప్పుతో, పైన చల్లే మసాలా పొడితో సరిదిద్దుతారు. ఇదీ ఒక ఉదాహరణ: మామూలు ప్యాకెట్‌లో 100 గ్రాములకు కొవ్వు 24 గ్రాములు, సోడియం 600 మిల్లీగ్రాములు. లైట్ ప్యాకెట్‌లో కొవ్వు 12, సోడియం 840.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది సోడియం దగ్గర. కొన్ని దేశాల లేబుళ్ల మీద ఉప్పు గ్రాముల్లో ఉంటుంది, మరికొన్నిటి మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. సోడియాన్ని 2.5 తో గుణించి వెయ్యితో భాగిస్తే ఉప్పు గ్రాముల్లో వస్తుంది. 600 అంటే 1.5 గ్రాముల ఉప్పు, 840 అంటే 2.1 గ్రాములు. బ్రిటన్‌లో ప్యాకెట్ల ముందువైపు వేసే రంగుల లెక్కలో 100 గ్రాములకు 1.5 గ్రాముల ఉప్పు దాటితే ఎరుపు. మామూలు ప్యాకెట్ ఆ గీత మీదే ఆగింది, లైట్ ప్యాకెట్ దాటేసింది.

రోజుకు పెద్దలకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. లైట్ ప్యాకెట్‌లోంచి 30 గ్రాములు తింటే 0.6 గ్రాములు. తక్కువే అనిపిస్తుంది. లైట్ కదా అని 60 గ్రాములు తింటే 1.3 గ్రాములు, రోజు మొత్తంలో నాలుగో వంతు.

పదార్థాల జాబితాలో ఉప్పు ఒక్కటే చూస్తే చాలదు. బేకింగ్ సోడాలోనూ, అజినమోటో పేరుతో తెలిసిన మోనోసోడియం గ్లూటమేట్‌లోనూ సోడియం ఉంటుంది. ఉప్పు జాబితాలో చివర ఉన్నా సోడియం ఎక్కువ ఉండటానికి కారణం ఇవే కావచ్చు. పట్టికలోని సోడియం అంకెలో ఇవన్నీ కలిసే ఉంటాయి కాబట్టి అంకెనే నమ్మండి.

## లెక్క ఎక్కడ తప్పుతుంది

అన్నిటికన్నా ఎక్కువ జరిగే పొరపాటు ఒక వడ్డన చొప్పున ఇచ్చిన అంకెల్ని పోల్చడం. ఒక ప్యాకెట్ మీద వడ్డన 30 గ్రాములు, లైట్ ప్యాకెట్ మీద 25 గ్రాములు అని ఉంటే లోపలి సరుకు మారకపోయినా అంకెలన్నీ ఆరో వంతు తగ్గి కనిపిస్తాయి. ఎప్పుడూ 100 గ్రాముల వరుసే పోల్చండి. ఆ వరుస లేకపోతే వడ్డన అంకెను వడ్డన బరువుతో భాగించి వందతో గుణించండి.

రెండోది, చిన్న తేడాలను పెద్దవి చేయడం. పాలు ప్రతిసారీ ఒకేలా ఉండవు, లేబుల్ అంకె సగటు మాత్రమే. యూరోపియన్ యూనియన్ మార్గదర్శకాల్లో చక్కెర 10 నుంచి 40 గ్రాముల మధ్య ఉన్నప్పుడు అటూ ఇటూ 20 శాతం దాకా తేడాను అనుమతిస్తారు. ఆ ప్రకారం చూస్తే మన 11.5, 14 ల మధ్య తేడా కూడా ఆ వెసులుబాటు లోపలే పడుతుంది. అందుకే అంకె ఒక్కదాని మీద ఆధారపడకుండా పదార్థాల జాబితా, పిండిపదార్థాల పెరుగుదల, క్యాలరీల లెక్క ఒకే మాట చెబుతున్నాయా అని చూశాం. ఒక గ్రాము తేడా చూసి ఏ కప్పు మీదా నింద వేయకండి. ప్లెయిన్‌లోని 4.7 కు, లో-ఫ్యాట్ స్ట్రాబెర్రీలోని 14 కు మధ్య ఉన్నది మాత్రం ఏ వెసులుబాటూ కప్పిపుచ్చలేని తేడా.

మూడోది, చక్కెర అంకె బాగా తక్కువ ఉండి తీపి మాత్రం గట్టిగా ఉండే లైట్ కప్పులు. జాబితాలో సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్, ఆస్పర్టేమ్, స్టీవియా లాంటి పేర్లు కనిపిస్తే అక్కడ దాగిన చక్కెర ఏమీ లేదు, నిజంగానే తక్కువ. అయితే బరువు అదుపు కోసం ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

## మరి ఏ కప్పు తీసుకోవాలి

కొవ్వు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే ప్లెయిన్ లో-ఫ్యాట్ పెరుగు తీసుకోండి. అలాంటి అవసరం లేకపోతే ప్లెయిన్ పూర్తి కొవ్వు కప్పు, మన పట్టికలోని మూడింటిలో క్యాలరీలు తక్కువ ఉన్నది అదే. పండు రుచి కావాలంటే 100 గ్రాముల ప్లెయిన్‌లో 50 గ్రాముల స్ట్రాబెర్రీ ముక్కలు వేసి, పులుపు మరీ ఎక్కువ అనిపిస్తే ఒక టీస్పూన్ చక్కెర కలపండి. లో-ఫ్యాట్ కప్పులో 9 గ్రాములే ఉన్న పండు ఇందులో 50 గ్రాములుంది, కలిపిన చక్కెర 13 కు బదులు 4 గ్రాములే. ముక్కలు ముందే కలిపి ఉంచితే నీరు ఊరి పెరుగు పలచబడుతుంది, తినేముందే కలుపుకోండి.

తీసిన ఫొటోలను తేదీతో దాచుకోండి. తయారీ పద్ధతి మారినప్పుడు ముందువైపు బొమ్మ అలాగే ఉండి వెనుక అంకెలు మాత్రమే మారడం మామూలే. కప్పు బరువు మారినప్పుడు, "కొత్త రుచి" అన్న మాట కనిపించినప్పుడు పట్టికనూ జాబితానూ మళ్లీ ఫొటో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి.